సింగపూర్ 1966–1990: పెట్టుబడి ఎంత దూరం మోసింది?

కొంతకాలం కిందట ఒక ఇరవై ఏళ్ల అభివృద్ధి ప్రణాళిక ముసాయిదా పరిశీలన కోసం నా దగ్గరికి వచ్చింది. అందులో వృద్ధి లెక్కంతా ఒకే ఒక్క అంకె మీద నిలబడి ఉంది. ఒక రూపాయి అదనపు ఉత్పత్తి రావాలంటే నాలుగు రూపాయల పెట్టుబడి కావాలి అన్నదే ఆ అంకె. ప్రస్తుతం మొత్తం ఉత్పత్తిలో పెట్టుబడి వాటా 28 శాతం, వృద్ధి 7 శాతం. కాబట్టి వాటాను 40 శాతానికి పెంచితే వృద్ధి 10 శాతానికి చేరుతుందని, ఇరవై ఏళ్లూ అలాగే సాగుతుందని రాశారు. భాగహారంలో తప్పు లేదు. ఆ 4 అన్న అంకె ఇరవై ఏళ్లు కదలకుండా ఉంటుందనుకోవడంలోనే తప్పంతా ఉంది.

ఈ పొరపాటు చేసేవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. వృద్ధి లెక్కలతోనే బతికే నాలాంటి వాళ్లకు కూడా ఇది సులువుగా దొర్లుతుంది. అందుకే శిక్షణకు వచ్చేవాళ్లతో నేను సూత్రాల కంటే ముందు ఒక దేశం లెక్క చేయిస్తాను. ఆ దేశం సింగపూర్. పెట్టుబడి వాటాను 11 శాతం నుంచి 40 శాతం దాటించిన దేశం అది. ముసాయిదా రాసినవాళ్లు కలగన్న పనిని ఆ దేశం నిజంగా చేసి చూపింది. ఫలితం ఏమిటో, ఆ ఫలితం మీద ఆర్థికవేత్తలు ఎందుకు తగువులాడుకున్నారో తెలిస్తే ఆ 4 అన్న అంకెను ఎవరూ అంత ధీమాగా రాయరు.

ముందు ఒక మరమగ్గాల షెడ్డు

సిరిసిల్లలో సాంచాలనే మరమగ్గాల షెడ్డును ఊహించుకోండి. లోపల ఒక్కడే కార్మికుడు ఉన్నాడు. నాడెలో కండె అయిపోగానే మగ్గం ఆగుతుంది, అతను వచ్చి కొత్త కండె పెట్టాలి. పడుగులో పోగు తెగితే అతికించాలి. రెండు మగ్గాలున్నప్పుడు అవి ఆగిన మరుక్షణం అతను అక్కడ ఉంటాడు. నాలుగైతే కాస్త పరుగు. ఎనిమిదైతే ఒక మగ్గం దగ్గర పోగు అతికిస్తుండగానే మరో రెండు ఆగి అతని కోసం ఎదురుచూస్తుంటాయి.

లెక్క కోసం అంకెలు పెట్టుకుందాం. రెండు మగ్గాల మీద రోజుకు 80 మీటర్లు, నాలుగింటి మీద 150, ఆరింటి మీద 200, ఎనిమిదింటి మీద 225 మీటర్ల బట్ట వస్తుందనుకోండి. మొదటి జత 80 ఇచ్చింది, రెండో జత 70, మూడోది 50, నాలుగోది 25. మగ్గాలన్నీ ఒకే రకంవి, కార్మికుడి నైపుణ్యం కూడా తగ్గలేదు. ఒక్కో మగ్గానికి దొరికే మనిషి తగ్గిపోయాడు, అంతే. క్షీణ ప్రతిఫలాలంటే ఇదే.

ఇప్పుడు యజమాని వచ్చినదానిలో 30 శాతం పక్కన పెట్టి మగ్గాల మీదే పెడుతున్నాడనుకుందాం. ఒక్కో మగ్గం అరిగి, మరమ్మతుకు వచ్చి రోజుకు 8 మీటర్ల విలువ తినేస్తుంది. ఇది తరుగుదల. రెండు మగ్గాలప్పుడు 80లో 24 మీటర్లు పక్కన పడ్డాయి, 16 తరుగుదలకు పోయాయి, కొత్త మగ్గానికి 8 మిగిలాయి. అంటే మగ్గానికి 4 మీటర్ల చొప్పున మిగులు. ఎనిమిది మగ్గాలప్పుడు 225లో సుమారు 67 పక్కన పడ్డాయి, 64 తరుగుదలకే పోయాయి. మిగిలింది మూడే, మగ్గానికి అర మీటరు కూడా లేదు. పొదుపు శాతం మారలేదు, యజమాని క్రమశిక్షణ మారలేదు, ఎదుగుదల మాత్రం దాదాపు ఆగిపోయింది.

ఆర్థికవేత్త రాబర్ట్ సోలో 1956లో చెప్పిన వృద్ధి నమూనాకు వెన్నెముక ఈ షెడ్డులోనే ఉంది. పేదవాడు ధనికుణ్ణి అందుకుంటాడన్న ఆశ కూడా ఇక్కడి నుంచే పుట్టింది. రెండు మగ్గాల షెడ్డూ ఎనిమిది మగ్గాల షెడ్డూ పొదుపు శాతంలో, పనితనంలో సమానమైతే మొదటిది వేగంగా ఎదుగుతుంది, రెండోది నెమ్మదిస్తుంది. కాలక్రమంలో దూరం తగ్గుతుంది. ‘సమానమైతే’ అన్న ఆ ఒక్క మాటను మరిచిపోవద్దు, దానితో చాలా పని ఉంది.

సింగపూర్ ఏం చేసింది

1965లో మలేషియా నుంచి విడివడేనాటికి సింగపూర్ తలసరి ఆదాయం ఏడాదికి సుమారు 500 డాలర్లు. మూడేళ్లకే బ్రిటన్ తన సైనిక స్థావరాలను ఖాళీ చేస్తానని ప్రకటించింది. ఎన్నో ఉద్యోగాలు ఆ స్థావరాల మీదే ఆధారపడి ఉన్నాయి. అప్పటికే ఆర్థికాభివృద్ధి మండలి 1961 నుంచి పనిచేస్తోంది. జురాంగ్‌లో చిత్తడి నేలను పూడ్చి పారిశ్రామిక వాడ కడుతున్నారు. 1972లో తంజోంగ్ పగార్‌లో కంటైనర్ల టెర్మినల్ తెరిచారు. విదేశీ ఎలక్ట్రానిక్స్ కంపెనీలు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి.

పెట్టుబడికి డబ్బు విదేశాల నుంచి మాత్రమే రాలేదు, ఇంటి నుంచి కూడా వచ్చింది. అది ఎలా వచ్చిందో ఒక జీతం చీటీ మీద చూడాలి. సింగపూర్‌లో 1955 నుంచి కేంద్ర భవిష్య నిధి ఉంది, మన పీఎఫ్ లాంటిదే. 1984 నాటికి ఉద్యోగి జీతంలోంచి 25 శాతం కోసేవారు, యజమాని మరో 25 శాతం కలిపేవాడు. వెయ్యి డాలర్ల జీతగాడి ఇంటికి 750 వచ్చేది, అతని పేరున నిధిలో 500 జమయ్యేది. యజమానికి అయిన ఖర్చు 1,250. అంటే ఆ మనిషి శ్రమకు పడిన ప్రతి అయిదు రూపాయల్లో రెండు రూపాయలు అతని చేతికి రాకముందే పొదుపైపోయాయి. అందులో కొంత ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ కట్టిన ఫ్లాటు కొనడానికి వాడుకోవచ్చు. మిగతాది చేతికి అందాలంటే వయసు మళ్లాలి. యువ దంపతులు ఆ 750తో సంసారం నడిపారన్న సంగతి తలుచుకుంటే 40 శాతం పెట్టుబడి వాటా అన్న మాట వెనుక ఎంత మంది భోజనం, బట్ట, విహారం వాయిదా పడ్డాయో నాకు ప్రతిసారీ మనసులో మెదులుతుంది.

మనుషుల విషయంలోనూ అంతే. 1966లో జనాభాలో 27 శాతం మంది పనిలో ఉండేవారు, 1990కి 51 శాతం. 1966లో కార్మికుల్లో సగానికి పైగా బడి మొహం చూడనివాళ్లు. 1990 నాటికి మూడింట రెండు వంతుల మంది సెకండరీ విద్య పూర్తిచేశారు.

ఫలితం 1966 నుంచి 1990 వరకు ఏటా సుమారు 8.7 శాతం వృద్ధి. జనాభా సుమారు 19 లక్షల నుంచి 30 లక్షలకు పెరిగింది కనుక తలసరిన చూస్తే ఇరవై నాలుగేళ్లలో ఆదాయం దాదాపు అయిదు రెట్లయింది. ఇక్కడ నేను శిక్షణలో ఒక్క నిమిషం ఆగమంటాను. పనిచేసేవారి వాటా 27 నుంచి 51కి పెరగడమే దాదాపు 1.9 రెట్లు. అయిదు రెట్లను దానితో భాగిస్తే పనిచేసే ఒక్కో మనిషి ఉత్పత్తి పెరిగింది సుమారు 2.7 రెట్లే. ఇదీ గొప్ప విషయమే, కానీ అయిదుకూ దీనికీ చాలా తేడా. ఇంట్లో ఉన్నవాళ్లు ఫ్యాక్టరీకి వెళ్లడం ఒక్కసారే జరుగుతుంది, 51 శాతం మళ్లీ 102 శాతం కాలేదు.

లెక్క ఎలా విప్పాలి

ఉత్పత్తిని ఇలా రాసుకుందాం:

```
Y = A · K^α · L^(1−α)
```

Y ఉత్పత్తి, K మూలధనం, L శ్రమ, α ఆదాయంలో మూలధనానికి దక్కే వాటా. A అనేది ఉన్న మగ్గాలతో, ఉన్న మనుషులతోనే ఎక్కువ బట్ట తీయగల ఒడుపు. సాంకేతికత, నిర్వహణ, చట్టం, రోడ్డు, నమ్మకం అన్నీ అందులో కలిసే ఉంటాయి. దాన్ని మొత్తం ఉత్పాదకత అంటాం. దాన్ని నేరుగా కొలవలేం. మిగతావన్నీ తీసేశాక మిగిలినదే అది.

ఆర్థికవేత్త ఆల్విన్ యంగ్ 1995లో ఈ పని ఎంతో ఓపికగా చేశారు. సింగపూర్‌కు ఆయన లెక్కలో మూలధనం ఏటా 11.5 శాతం పెరిగింది. చదువును కూడా కలుపుకున్న శ్రమ 5.7 శాతం పెరిగింది. ఆదాయంలో శ్రమ వాటా 51 శాతం, మూలధనం వాటా 49 శాతం. ఇక గుణించడమే. మూలధనం ఇచ్చింది 0.49 × 11.5, అంటే 5.6. శ్రమ ఇచ్చింది 0.51 × 5.7, అంటే 2.9. రెండూ కలిపితే 8.5. మొత్తం వృద్ధి 8.7. ఒడుపుకు మిగిలింది 0.2.

ఇరవై నాలుగేళ్ల అద్భుతంలో ఒడుపు వాటా ఏటా 0.2 శాతమే! అదే పద్ధతిలో హాంకాంగ్‌కు 2.3, తైవాన్‌కు 2.1, దక్షిణ కొరియాకు 1.7 వచ్చాయి. హాంకాంగ్ పోలిక నన్ను ఎక్కువగా కదిలిస్తుంది. అదీ రేవు పట్టణమే, అదీ బ్రిటిష్ పాలనలో ఎదిగినదే. అక్కడ పెట్టుబడి వాటా జాతీయోత్పత్తిలో ఐదో వంతు దరిదాపుల్లోనే తిరిగింది. రెండూ ఇంచుమించు ఒకే చోటికి చేరాయి, సింగపూర్ వాసులు మాత్రం ఆ దారిలో దాదాపు రెట్టింపు పక్కన పెట్టాల్సి వచ్చింది. 1994లోనే పాల్ క్రుగ్‌మన్, యంగ్ అంతకుముందు చేసిన లెక్కలను చూపి, సింగపూర్ వృద్ధి చెమటతో వచ్చిందే తప్ప ఒడుపుతో కాదనీ, క్షీణ ప్రతిఫలాలు దాన్ని నెమ్మదింపజేస్తాయనీ వాదించారు.

పెట్టుబడి అంత మోయగలిగిందంటే మూలధనం వాటా దాదాపు సగం ఉండటం ఒక కారణం. దీన్ని చాలామంది గమనించరు. సోలో నమూనాలో పెట్టుబడి వాటాను పెంచితే చివరికి చేరే ఆదాయ స్థాయి ఎంత పెరుగుతుందో α తేలుస్తుంది. 11 నుంచి 40 అంటే 3.6 రెట్లు. α సగమైతే చేరే ఆదాయమూ 3.6 రెట్లవుతుంది. α మూడో వంతైతే, అంటే చాలా దేశాలకు వాడే అంకె అయితే, అదే త్యాగానికి 1.9 రెట్లే దక్కుతుంది. α పెద్దదైన చోట క్షీణత నెమ్మదిగా కరుస్తుంది.

రాబడి మాట్లాడినప్పుడు

ఇక్కడిదాకా మూలధనం, శ్రమ, ఉత్పత్తి అన్న పరిమాణాలతో నడిచాం. లెక్క సరిచూసుకోవడానికి రెండో దారి ఉంది. అది ధరల దారి. నాకు ఈ కేసులో అన్నింటికంటే ఇష్టమైన భాగం ఇదే.

యంగ్ అంకెలను అలాగే తీసుకోండి. మూలధనం 11.5 శాతం, ఉత్పత్తి 8.7 శాతం పెరిగితే వాటి నిష్పత్తి ఏటా 2.8 శాతం పెరుగుతుంది. ఇరవై నాలుగేళ్లకు దాదాపు రెట్టింపు. మూలధనం వాటా మారకపోతే ఒక్కో డాలరు మూలధనం మీద రాబడి సగానికి పడిపోవాలి. ఎనిమిదో మగ్గం మొదటి మగ్గమంత సంపాదించలేదు కదా. మరోవైపు, నైపుణ్యాన్ని లెక్కలోకి తీసుకున్న వేతనం ఏటా 8.7 మైనస్ 5.7, అంటే 3 శాతం పెరగాలి. రాబడి 2.8 చొప్పున తగ్గుతూ, వేతనం 3 చొప్పున పెరుగుతూ ఉంటే వాటాలతో గుణించి కలపండి: −1.4, +1.5. మిగిలింది మళ్లీ అదే 0.2 దరిదాపు. రెండు దారులూ ఒకే చోటికి చేరాలి, చేరాయి. ఇది కాగితం మీది సమానత్వం, ఇందులో వింత లేదు.

వింతంతా సింగపూర్ మార్కెట్లో కనిపించింది. చాంగ్-తై షే 2002లో అచ్చయిన తన పరిశోధనలో కాగితం మీది రాబడిని వదిలి, మార్కెట్లో కనిపించే రాబడిని కొలిచారు. అది సగానికి పడిపోలేదు. పెట్టుబడి అంత పోగుపడినా దాదాపు స్థిరంగా నిలిచింది. దాంతో ధరల లెక్కలో సింగపూర్ ఉత్పాదకత వృద్ధి, పరిమాణాల లెక్క కంటే ఏటా 2 శాతానికి పైగా ఎక్కువ తేలింది. కొరియా, హాంకాంగ్‌ల విషయంలో మాత్రం రెండు లెక్కలూ దాదాపు కలిశాయి.

రెండూ ఒకేసారి నిజం కాలేవు. ఎందుకు కాలేవో తేల్చడానికి కష్టమైన గణితం అక్కర్లేదు. ఆదాయంలో మూలధనం వాటా అంటే రాబడిని, మూలధనానికీ ఉత్పత్తికీ మధ్య నిష్పత్తితో గుణించడమే. రాబడి కదలకుండా ఉండి, నిష్పత్తి రెట్టింపైతే వాటా కూడా రెట్టింపు కావాలి. 49 శాతం 98 అవుతుంది. అంటే 1990లో సింగపూర్ కార్మికులందరి వేతనాలూ కలిపితే జాతీయాదాయంలో 2 శాతం మాత్రమే ఉండాలి. అలా లేదని వీధిలో నడిచే ఎవరైనా చెప్పగలరు. కాబట్టి మూలధనం నిజంగా అంత పెరగలేదేమో, లేదా మార్కెట్లో కనిపించిన రాబడి దేశంలోని మూలధనం మొత్తానిదీ కాదేమో. షే మొదటిదానివైపు, అంటే జాతీయ గణాంకాల్లో పెట్టుబడి ఎక్కువగా నమోదైందన్న అనుమానం వైపు మొగ్గారు. 2011లో జాన్ ఫెర్నాల్డ్, బ్రెంట్ నైమన్ రెండోదాని వైపు వెళ్లారు. ప్రభుత్వ రాయితీలు, ప్రత్యేక లాభాలు కొన్ని రంగాలకే దక్కినప్పుడు ఆ రంగాల మూలధనానికీ మిగతావాటి మూలధనానికీ ఒకే ధర ఉండదని, అందుకే రెండు లెక్కలూ విడిపోతాయని చూపించారు. నాకు ఈ వివరణ ఎక్కువ నమ్మకంగా అనిపిస్తుంది. పన్ను సెలవులు, చౌక భూమి పొందిన విదేశీ ఫ్యాక్టరీ యంత్రమూ, అవేమీ లేని చిన్న దుకాణదారు యంత్రమూ ఒకే రేటుకు సంపాదించాలని ఆశించడం ఆ కాలపు సింగపూర్‌కు సరిపోదు.

మూలధనాన్ని కొలవడంలో కాలు జారే చోటు

మూలధనం ఎంత ఉందో ఏ దేశమూ నేరుగా లెక్కపెట్టదు. ఏటేటా పెట్టిన పెట్టుబడిని కలుపుతూ, తరుగుదలను తీసేస్తూ పోతాం. మొదటి ఏడాది ఎంత ఉందో మాత్రం ఊహించాలి. పాత, నిలకడైన దేశంలో ఆ ఊహ తప్పినా పెద్ద నష్టం లేదు. కొత్తగా పరుగందుకున్న దేశంలో అదే మొత్తం కథను మార్చేస్తుంది.

చేసి చూడండి. మొదట 100 ఉండి, ఇరవై నాలుగేళ్లకు 1,500 అయితే సహజ లాగరిథమ్ లెక్కలో ఏటా వృద్ధి 11.3 శాతం. మొదట 150 ఉందనుకుంటే? ఆ అదనపు 50 ఏటా 6 శాతం తరుగుతూ చివరికి 11 మాత్రమే మిగులుతుంది, కాబట్టి చివరి అంకె దాదాపు మారదు. వృద్ధి మాత్రం 9.6కు దిగుతుంది. తేడా 1.7. దాన్ని 0.49తో గుణిస్తే 0.8. అంటే ఎవరూ చూడని ఒక పాత సంవత్సరపు ఊహలో తేడా వస్తే ఉత్పాదకత వృద్ధి 0.2 నుంచి 1.0 అయిపోతుంది. నా దగ్గరికి వచ్చే లెక్కల్లో మొదట చూసేది ఈ గడినే. మొదటి మూలధనాన్ని ఒకసారి సగం పెంచి, ఒకసారి సగం తగ్గించి ఫలితాన్ని మళ్లీ రాయమంటాను. నిర్ణయం తలకిందులైతే ఆ లెక్క మీద ఏ నిర్ణయమూ తీసుకోకూడదు.

మరి మన దగ్గరికి పెట్టుబడి ఎందుకు పరుగెత్తి రాలేదు

రెండు మగ్గాల షెడ్డులో మూడో మగ్గానికి ఎక్కువ రాబడి ఉంటే లోకంలోని డబ్బంతా అక్కడికే చేరాలి. 1990లో రాబర్ట్ లూకాస్ ఈ ప్రశ్నను భారతదేశం, అమెరికాల మీద పెట్టి చూశారు. అప్పట్లో అమెరికాలో మనిషి ఉత్పత్తి భారతదేశం కంటే సుమారు 15 రెట్లు. ఆ తేడా అంతా మూలధనం కొరత వల్లే అనుకుని, మూలధనం వాటా 40 శాతంగా తీసుకుంటే, భారతదేశంలో అదనపు మూలధనం మీద రాబడి అమెరికాలో కంటే 58 రెట్లుండాలి. అమెరికాలో వంద రూపాయలకు అయిదు వస్తే ఇక్కడ 290 రావాలి! అలా వచ్చేదైతే అమెరికాలో ఒక్క డాలరు కూడా మిగలదు.

ఆ 58 అన్న అంకె అసంభవం కావడమే దాని విలువ. పేదరికానికి మూలధనం లేకపోవడం ఒక్కటే కారణం కాదని అది తేల్చింది. కార్మికుల చదువు, నైపుణ్యాల తేడాను లూకాస్ కలపగానే 58 కాస్తా 5కు దిగింది. మిగతా తేడాకు చట్టం, మౌలిక సదుపాయాలు, అప్పు వసూలవుతుందన్న నమ్మకం లాంటివి కారణాలు. అవి A అనే అక్షరంలో ఉంటాయి. A తక్కువైన షెడ్డులో మూడో మగ్గమే ఎనిమిదో మగ్గంలా ప్రవర్తిస్తుంది. కరెంటు సగం రోజు ఉండదు, నూలు సమయానికి రాదు, కొత్త మగ్గం వట్టినే నిలబడి ఉంటుంది.

ఇక ‘సమానమైతే’ అన్న మాటకు వద్దాం. పేద దేశాలన్నీ ధనిక దేశాలను అందుకుంటున్నాయని దేశాల అంకెలు చెప్పవు. పొదుపు, చదువు, సంస్థలు ఒకేలా ఉన్న ప్రాంతాల మధ్య మాత్రం దూరం తగ్గుతుంది. అమెరికా రాష్ట్రాల మీద రాబర్ట్ బారో, జేవియర్ సాలా-ఇ-మార్టిన్ చేసిన పనిలో ఆ వేగం ఏటా దూరంలో సుమారు 2 శాతం. అంటే సగం దూరం తగ్గడానికే ముప్పై అయిదేళ్లు. సింగపూర్ ఇంకా వేగంగా వెళ్లిందంటే ఉన్న గమ్యం వైపు నడవడంతోపాటు గమ్యాన్నే పైకి జరిపింది కాబట్టి. రేవు, బడులు, కోర్టులతో రాబడిని నిలబెట్టింది. దాంతోపాటు పెట్టుబడి వాటాను పెంచింది. రెండోది మాత్రమే చేసి ఉంటే జురాంగ్‌లో ఖాళీ షెడ్లు మిగిలేవి. మొదట్లో కొన్నేళ్లు అక్కడ ఖాళీ షెడ్లే ఉండి, ఆ వాడను ఆర్థిక మంత్రి గోహ్ కెంగ్ స్వీ తెలివితక్కువ పనిగా జనం ఎగతాళి చేశారన్నది సింగపూర్‌లో అందరికీ తెలిసిన కథ.

1985లో సింగపూర్ స్వాతంత్ర్యం తర్వాత మొదటి మాంద్యం చూసింది. 1979 నుంచి వేతనాలను కావాలని వేగంగా పెంచారు, దానిపైన నిధికి కట్టాల్సింది కలిసింది, కంపెనీలకు ఖర్చు మోయరానిదైంది. 1986లో యజమాని వాటాను 25 నుంచి 10 శాతానికి కోశారు. బలవంతపు పొదుపుకు కూడా పైకప్పు ఉంటుందని అప్పుడు తెలిసింది. ప్రభుత్వం వేసిన ఆర్థిక వ్యూహాల కమిటీ 2010లో, విదేశీ కార్మికులను పెంచుకుంటూ పోయే దారిని తగ్గించి, ఉత్పాదకతను ఏటా 2 నుంచి 3 శాతం పెంచాలన్న లక్ష్యం పెట్టింది.

ముసాయిదాకు తిరిగొస్తే

ఆ 4 అన్న అంకెను తీసేసి లెక్క మళ్లీ చేశాం. మూలధనం వాటా 40 శాతం, తరుగుదల 5 శాతం, పెట్టుబడి 28 శాతం, వృద్ధి 7 శాతం. ఇవి నిలకడగా కలిసి ఉండాలంటే మూలధనం ఉత్పత్తికి 2.33 రెట్లుండాలి. అప్పుడు 7 శాతంలో మూలధనం ఇచ్చేది 2.8, శ్రమా ఒడుపూ కలిసి ఇచ్చేది 4.2. ఇప్పుడు పెట్టుబడిని 40 శాతానికి పెంచాం, 4.2ను ముట్టుకోలేదు.

మొదటి ఏడాది వృద్ధి 9.1 శాతం వచ్చింది. ముసాయిదా చెప్పిన 10కి దగ్గరే, అందుకే ఈ తప్పు మొదటి రెండు మూడేళ్లలో బయటపడదు. పదో ఏటికి 7.8. ఇరవయ్యో ఏటికి 7.4. ఉత్పత్తిలో సమానమైన భాగం ప్రతి ఏడూ పెట్టుబడిగా పోతూనే ఉంది, కానీ అందులో ఇంకా ఇంకా ఎక్కువ పాత యంత్రాలను నిలబెట్టుకోవడానికే సరిపోతోంది. ఇరవై ఏళ్లకు ఉత్పత్తి 6.7 రెట్లవుతుందని ముసాయిదా చెప్పింది. మా లెక్కలో 4.7 రెట్లు. 28 శాతం దగ్గరే ఆగి ఉంటే 3.9 రెట్లు.

ముసాయిదా రాసిన అధికారి ఈ అంకెలు చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్క ప్రశ్న అడిగారు, “ఆ 4.2 ఎక్కడి నుంచి వస్తోందండీ?” మా ఇద్దరి కాగితాల్లోనూ దానికి ఒక్క వరుస కూడా లేదు. మర్నాడు ఆయన పెట్టుబడి అధ్యాయాన్ని పక్కన పెట్టి, జిల్లాలవారీగా కరెంటు కోతల గంటలు, పదో తరగతి దాటినవాళ్ల సంఖ్య, కోర్టుల్లో ఏళ్లుగా నలుగుతున్న భూమి వివాదాల సంఖ్య కావాలని ఉత్తరాలు పంపారు.